గర్భంలో షుగరు కనిపిస్తే అన్నం, పండ్లు మానకుండా రోజును ఎలా సర్దుకోవాలి?

గర్భిణికి 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీసి చూస్తారు. 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే గర్భధారణ మధుమేహం అని రాస్తారు. ఆ కాగితం చేతికి రాగానే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా ఇళ్లలో మొదట చేసే పని, రాత్రి అన్నం ఆపేసి దాని బదులు పళ్లెం నిండా పండ్లు కోసి పెట్టడం. వారం తర్వాత మళ్లీ చూస్తే అంకె తగ్గదు. "అన్నం ముట్టడం లేదు, పండ్లే తింటోంది, అయినా ఇదేమి షుగరు!" అని అత్తగారు ఆశ్చర్యపోతారు.

ఇందులో ఆశ్చర్యం లేదు. ఒక అరటిపండు, ఒక కప్పు మామిడి ముక్కలు, అర దానిమ్మ కలిపితే దాదాపు 65 గ్రాముల పిండిపదార్థం. రెండు గిన్నెల అన్నంలో ఉన్నంత. పైగా అన్నంతో పాటు పప్పో చేపో ఉంటుంది. పండ్ల పళ్లెంలో అవి లేవు కాబట్టి ఆ తీపి అడ్డూ ఆపూ లేకుండా రక్తంలోకి చేరుతుంది. అన్నం తప్పు, పండు ఒప్పు అనే లెక్క ఇక్కడ పనిచేయదు. ఒక్కసారికి ఎంత, ఏ వేళకు, దేనితో కలిపి అన్న మూడే ముఖ్యం. ఈ మూడూ సరిచేసుకుంటే అన్నమూ తినవచ్చు, రోజుకు రెండు పండ్లూ తినవచ్చు.

ముందుగా ఒక మాట. ఇక్కడ చెప్పేది భోజనం సర్దుకునే పద్ధతి. మీ బరువు, నెలలు, కవలలా కాదా, ఇన్సులిన్ తీసుకుంటున్నారా అన్నదాన్ని బట్టి కొలతలు కొంత మారతాయి. రాసుకున్న పట్టికను ఒకసారి మీ డాక్టరుకు చూపించండి.

1. మూడు రోజులు ఏమీ మార్చకుండా రాయండి

ఇంట్లో 150 మిల్లీలీటర్లు పట్టే చిన్న స్టీలు గిన్నె ఒకటి పక్కన పెట్టుకోండి. ఇకపై అన్నానికి అదే కొలత. మూడు రోజులు ఎప్పటిలాగే తింటూ, వడ్డించుకునేటప్పుడు మాత్రం ఆ గిన్నెతో కొలిచి, వేళతో సహా రాయండి. కాఫీలో చక్కెర, మధ్యాహ్నం నోట్లో వేసుకున్న రెండు గుప్పిళ్ల బొరుగులు, ఎవరో తెచ్చిన రసం, అన్నీ రాయాలి.

కోవూరు దగ్గరి పల్లెలో ఉంటున్న ఒక గర్భిణి, ఏడో నెల, ఇలా రాసిందనుకుందాం. ఉదయం నాలుగు ఇడ్లీలు, రెండు చెంచాల చక్కెరతో కాఫీ. పదకొండుకు గ్లాసు బత్తాయి రసం. మధ్యాహ్నం నాలుగు గిన్నెల అన్నం. సాయంత్రం రెండు అరటిపండ్లు. రాత్రి పైన చెప్పిన పండ్ల పళ్లెం. ఆమె దృష్టిలో ఇది "ఒక్క పూట అన్నమే". దీన్నే ముందుపెట్టుకుని చివరిదాకా వెళ్దాం.

2. "వంతు" లెక్క నేర్చుకోండి

15 గ్రాముల పిండిపదార్థాన్ని ఒక వంతు అనుకోండి. గ్రాములు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, వంతులు లెక్కపెడితే చాలు.

అర గిన్నె అన్నం ఒక వంతు. మామూలు సైజు ఇడ్లీ ఒక వంతు. నూనె వేయని చిన్న పుల్కా ఒక వంతు. ఉడికించిన శనగలు అర గిన్నె ఒక వంతు. గ్లాసు పాలు వంతుకు కాస్త తక్కువే అయినా వంతుగానే రాయండి. పండ్లలో చిన్న జామకాయ, మధ్యరకం బత్తాయి, పెద్ద అరటిపండులో సగం, ఒక చిన్న సపోటా, గుప్పెడు మామిడి ముక్కలు, ఇవన్నీ ఒక్కో వంతు. కోడిగుడ్డు, చేప, రొయ్యలు, కోడిమాంసం, ఆకుకూరలు, బీర, సొర, వంకాయ, బెండ, దోస, మజ్జిగ లెక్కలోకి రావు. పప్పులో కొంత పిండిపదార్థం ఉంటుంది గానీ అది నెమ్మదిగా అరుగుతుంది; ఒక గిన్నెకు మించనంత వరకు దాన్నీ వదిలేయవచ్చు. ఆలు, కంద, చిలగడదుంప మాత్రం కూరలు కావు, అన్నానికి చుట్టాలు.

ఇక మన కోవూరు గర్భిణి రోజును వంతుల్లోకి మార్చి చూడండి. ఉదయం కాఫీతో కలిపి ఐదు, రసం రెండు, మధ్యాహ్నం ఎనిమిది, అరటిపండ్లు మూడు పైన, రాత్రి పండ్లు నాలుగు పైన. మొత్తం ఇరవై రెండు దాటింది. అందులో ఎనిమిది ఒక్క మధ్యాహ్నమే.

గర్భిణికి రోజుకు కనీసం 175 గ్రాముల పిండిపదార్థం అవసరం. అంటే సుమారు 12 వంతులు. ఇంతకన్నా బాగా దించేస్తే శరీరం కొవ్వును కరిగించుకుంటూ కీటోన్లను తయారుచేస్తుంది, అవి బిడ్డకు మంచివి కావు. అన్నం పూర్తిగా మానవద్దు అనడానికి కారణం ఇదే.

3. పన్నెండు వంతులను ఆరు వేళలకు పంచండి

ఉదయం 8కి రెండు వంతులు, 10.30కి ఒకటి, మధ్యాహ్నం ఒంటిగంటకు మూడు, సాయంత్రం 4.30కి రెండు, రాత్రి 7.30కి మూడు, పడుకునే ముందు 10కి ఒకటి.

కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమని డాక్టరు చెప్పినప్పుడు చాలామంది దాన్ని రోజంతా ఏదో ఒకటి నములుతూ ఉండమన్నట్టు అర్థం చేసుకుంటారు. అలా చేస్తే షుగరు ఒకసారి పెరిగి దిగేలోపే మళ్లీ పెరుగుతుంది, దిగేందుకు సందు దొరకదు. ఆరు వేళలు ఉండాలి, వేళకూ వేళకూ మధ్య రెండున్నర గంటలైనా నోరు ఖాళీగా ఉండాలి. మంచినీళ్లు, పలచని మజ్జిగ తాగవచ్చు.

పడుకునే ముందు ఆ ఒక్క వంతు ఎందుకంటే, రాత్రి ఏడున్నరకు తిని ఉదయం ఎనిమిదిదాకా ఖాళీ కడుపుతో ఉంటే అది పన్నెండు గంటల పస్తు. కాలేయం తన దగ్గరున్న చక్కెరను బయటికి వదులుతుంది, కీటోన్లూ పెరుగుతాయి. చక్కెర లేని గ్లాసు పాలు, నాలుగైదు బాదం గింజలు ఇందుకు చాలు.

4. ఉదయం పూటకు కాస్త కఠినంగా ఉండండి

రోజు మొత్తంలో ఉదయం అత్యంత మొండి పూట. తెల్లవారుజామున పెరిగే హార్మోన్లు, వాటికి తోడు మాయ నుంచి వచ్చే హార్మోన్లు కలిసి ఇన్సులిన్ మాట వినకుండా చేస్తాయి. మధ్యాహ్నం మూడు వంతులకు లొంగే షుగరు ఉదయం అవే మూడు వంతులకు లొంగదు. అందుకే ఇక్కడ రెండే పెట్టాం, పండు అసలు పెట్టలేదు.

రెండు ఇడ్లీలు, ఉడికించిన గుడ్డు, గట్టిగా రుబ్బిన పల్లీల చట్నీ. లేదా నూనె తక్కువగా కాల్చిన రెండు పలచని పెసరట్లు. కాఫీ తాగవచ్చు, చక్కెర లేకుండా. బెల్లం కాఫీకి మారితే లాభం లేదు. బెల్లమైనా చక్కెరైనా రక్తానికి ఒకటే.

రాగిజావ గురించి ఒక మాట చెప్పక తప్పదు. షుగరు అనగానే ఇంటింటా రాగిజావ మొదలవుతుంది. రాగిలో సున్నమూ పీచూ ఉన్నాయి, నిజమే. కానీ పిండిపదార్థం విషయంలో అది బియ్యానికి పెద్దగా తీసిపోదు. మెత్తటి పిండిని పలచగా ఉడికించి గటగటా తాగితే నమలాల్సిన పని కూడా ఉండదు, వెంటనే అరిగిపోతుంది. ఉదయం ఖాళీ కడుపుతో పెద్ద గ్లాసు జావ తాగి, రెండు గంటల తర్వాత అంకె చూసి బెంబేలెత్తే వాళ్లు చాలామంది. రాగి కావాలంటే మధ్యాహ్నం చిన్న సంగటి ముద్దగా, అన్నం బదులు, పప్పుతోనో చేపలతోనో తినండి. పడమటి మెట్ట ప్రాంతాల వాళ్లకు అలవాటైన సజ్జరొట్టె, కొర్రన్నం విషయంలోనూ అంతే. అన్నం కన్నా నెమ్మదిగా అరగవచ్చు గానీ వంతుల లెక్క నుంచి మినహాయింపు లేదు.

5. మధ్యాహ్నం కంచంలో అన్నం ఒక్కసారే

ఇక అసలు చోటికి వచ్చాం. నాలుగు గిన్నెల అన్నం తినే మనిషి ఒకటిన్నర గిన్నెకు ఎలా వస్తుంది?

అన్నం ఎక్కువ కావడానికి కారణం ఆకలి మాత్రమే కాదు, మన వడ్డన క్రమం కూడా. ముందు పప్పన్నం, తర్వాత పులుసన్నం, తర్వాత చారన్నం, చివర పెరుగన్నం. నాలుగింటికీ నాలుగుసార్లు కొత్తగా అన్నం పడుతుంది. చేపల పులుసు వండిన రోజైతే పులుసన్నానికే రెండుసార్లు. నెల్లూరు చేపల పులుసులో షుగరు పెంచేది పెద్దగా ఏమీ లేదు. చింతపండు, ఉల్లి, టమాటా, మామిడికాయ ముక్కలు, చేప. దాన్ని కలుపుకునే అన్నమే అంకెను పెంచుతుంది.

కాబట్టి ఒకటిన్నర గిన్నె అన్నాన్ని కొలిచి ఒక్కసారే కంచంలో పెట్టించుకోండి. అన్నం గిన్నెను వంటింట్లోనే ఉంచండి. ముందు ఒక గిన్నె కూర, కాసిన్ని కీరదోస ముక్కలు తినండి. తర్వాత రెండు చేపముక్కలు ముళ్లు తీసుకుంటూ నిదానంగా తినండి. అన్నంలో సగాన్ని పప్పుతో, సగాన్ని పులుసుతో కలుపుకోండి. చారును గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగును చిన్న గిన్నెలో వేసుకుని చెంచాతో తినండి, అన్నం లేకుండా. మొదటి వారం ఈ చివరి మాటకు ఎవరూ ఒప్పుకోరు. పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టు లేదంటారు. అలాంటప్పుడు పప్పుకు పెట్టిన సగంలో రెండు ముద్దలు పెరుగుకు మిగుల్చుకోవాలి తప్ప కొత్తగా వడ్డించుకోకూడదు.

ఈ క్రమానికి కారణం ఉంది. కూర, చేప ముందుగా కడుపులోకి వెళితే అన్నం కడుపు నుంచి పేగుల్లోకి నెమ్మదిగా జారుతుంది. అంతే అన్నం తిన్నా షుగరు కాస్త తక్కువగా, ఆలస్యంగా పెరుగుతుంది.

ఇరవై రెండు వంతుల నుంచి పన్నెండుకు దిగితే రోజుకు సుమారు 600 కేలరీలు తగ్గిపోతాయి. ఆ లోటును వేరే వాటితో పూడ్చకపోతే మూడో రోజుకే ఆకలికి తట్టుకోలేక పట్టిక గాలికి పోతుంది. రెండు గుడ్లు, గుప్పెడు వేయించిన పల్లీలు, పెద్ద చేపముక్క, మరో గిన్నె పప్పు, ఇవి కొత్తగా చేరాలి. చేపలు బాగా ఉడికినవై ఉండాలి. సొరచేప లాంటి పెద్ద వేటచేపల్లో పాదరసం ఎక్కువ కాబట్టి గర్భంతో ఉన్నన్నాళ్లూ వాటిని వదిలేయండి. అంగన్‌వాడీ నుంచి వచ్చే సామాన్లలో గుడ్లు, పాలు, కందిపప్పు మీవి. బెల్లం, చిక్కీ, ఖర్జూరం లాంటివి వస్తే ఇంట్లో మిగతావాళ్లవి.

6. పండుకు తోడు ఉండాలి

రోజుకు రెండు వంతుల పండు, రెండు వేర్వేరు వేళల్లో. 10.30కి ఒక బత్తాయి, గుప్పెడు పల్లీలు. 4.30కి ఒక చిన్న జామకాయ, అర గిన్నె శనగ గుగ్గిళ్లు. పండును ఎప్పుడూ ఒంటరిగా తినవద్దు. పల్లీలు, గుగ్గిళ్లు, గుడ్డు, పెరుగు, వీటిలో ఏదో ఒకటి పక్కన ఉంటే దాని తీపి నెమ్మదిస్తుంది. భోజనం ముగిసిన వెంటనే కూడా వద్దు, అప్పటికే ఆ పూట వంతులు నిండిపోయాయి.

బత్తాయి తొనలు తినండి, రసం తీయవద్దు. ఒక గ్లాసు రసానికి రెండు మూడు కాయలు పడతాయి, పీచు పిప్పిలోనే ఉండిపోతుంది. రక్తం పడుతుందని చేసే బీట్‌రూట్, క్యారెట్, ఆపిల్ రసానిదీ ఇదే దారి. నిమ్మకాయ నీళ్లు ఉప్పుతో తాగండి. కొబ్బరినీళ్లు తాగితే దాన్ని ఒక వంతుగా రాసి, ఆ వేళ పండు మానండి.

వేసవిలో ఏడో నెల పడితే మామిడిపండు మాట వస్తుంది. మానమని చెబితే ఎవరూ వినరు, వినాల్సిన అవసరమూ లేదు. గుప్పెడు ముక్కలు, సాయంత్రం 4.30 వేళకు, జామకాయ బదులుగా, గుగ్గిళ్లతో. కాయను చేత్తో పిండుకుని జుర్రితే కొలత ఉండదు, కోసుకుని తినండి.

7. రాత్రి, ఆ తర్వాత

రాత్రికి ఒక గిన్నె అన్నం, ఒక పుల్కా, కూర, పప్పు లేదా గుడ్డు. పుల్కా ఇష్టం లేకపోతే మొత్తం ఒకటిన్నర గిన్నె అన్నమే. భోజనానికి బదులు పండ్లు వద్దని మళ్లీ చెప్పనక్కర్లేదు. టిఫిన్ బదులు బొరుగులు, అటుకులు తినేవాళ్లు అవీ బియ్యమేనని గుర్తుంచుకుంటే చాలు. డాక్టరు విశ్రాంతి చెప్పకపోయి ఉంటే, ప్రతి ప్రధాన భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు ఇంటి ముందు నడవండి.

8. పట్టిక పనిచేస్తోందో లేదో అంకెలతో చూడండి

వేలి నుంచి చుక్క తీసి చూసే చిన్న యంత్రం ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. లేకపోతే ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. ఖాళీ కడుపుతో 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలి. ఈ గంటలను మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి లెక్కించాలి, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు.

చేయి కడగడమంటే గుర్తొచ్చింది. పండు కోసిన చేతితో, కడగకుండా పరీక్ష చేసుకుంటే వేలి మీది తీపి రక్తపు చుక్కలో కలిసి అంకె లేనిపోనిదిగా పెరిగి కనిపిస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక గుచ్చుకోండి. చెప్పలేనంత ఎక్కువ వస్తే ముందు చేయి కడిగి మళ్లీ చూడండి.

మన ఉదాహరణకే వద్దాం. పట్టిక మొదలుపెట్టిన మూడో రోజు ఆమెకు ఖాళీ కడుపుతో 88, తిన్న రెండు గంటలకు చూస్తే టిఫిన్ తర్వాత 134, మధ్యాహ్నం తర్వాత 115, రాత్రి తర్వాత 118 వచ్చాయనుకోండి. మూడు బాగున్నాయి, ఒకటి బాగాలేదు. అప్పుడు మొత్తం పట్టికను తిరగరాయవద్దు, ఆ ఒక్క పూటను మాత్రమే సరిచూడండి. కాఫీలో చక్కెర నిజంగా మానిందా? చట్నీలో పుట్నాలు ఎక్కువ పడ్డాయా? ఇడ్లీలు పెద్దవా? అవన్నీ సరిగానే ఉంటే ఒక ఇడ్లీ తగ్గించి మరో గుడ్డు చేర్చి, ఆ వంతును 10.30 వేళకు జరపాలి, అక్కడ పండుతో పాటు అర గిన్నె గుగ్గిళ్లు. రోజు మొత్తం పన్నెండు పన్నెండుగానే ఉంటుంది. రెండు రోజుల తర్వాత టిఫిన్ అంకె 117కి దిగితే దాన్నే ఖాయం చేసుకోవాలి.

ఉదయం ఖాళీ కడుపు అంకె మాత్రమే ఎక్కువగా ఉంటే పద్ధతి వేరు. రాత్రి భోజనం ఇంకా తగ్గిస్తే అది దిగుతుందని అనిపిస్తుంది గానీ సాధారణంగా దిగదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. పదింటి పాలు తాగుతున్నారో లేదో చూసుకుని, అయినా 95 దాటుతుంటే డాక్టరుకు చెప్పండి. అది తిండితో సరిపోయేది కాకపోవచ్చు.

మొత్తం మీద రెండు వారాలు ఇలా తిన్నా రెండు గంటల అంకె 120 దాటుతూనే ఉంటే మెట్‌ఫార్మిన్ గానీ ఇన్సులిన్ గానీ మొదలుపెడతారు. తిండిలో తప్పు చేసినందువల్లే మందు వచ్చిందని ఇంట్లో వాళ్లు దెప్పుతుంటారు. మాయ పెరిగేకొద్దీ దాని హార్మోన్లు పెరుగుతాయి, కొందరిలో ఎంత కొలిచి తిన్నా చాలదు. మందు మొదలైనా ఆరు వేళల పట్టిక అలాగే ఉంటుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఏ వేళనూ దాటవేయకూడదు. వణుకు, చెమట, కళ్లు తిరగడం ఉండి అంకె 70 కన్నా తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని వెంటనే తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి.

అంకెలు బాగుండి బరువు తగ్గుతుంటే, లేదా వరుసగా రెండు మూడు వారాలు పెరగకపోతే, అది విజయం కాదు. వంతులను మరీ కోసేశారన్నమాట. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే మాత్రం అంకెలతో పనిలేదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

సీమంతం రోజు చలిమిడి, లడ్డు తప్పవు. చలిమిడి బియ్యప్పిండి, బెల్లం పాకం. నిమ్మకాయంత ముద్దే వంతు పైన అవుతుంది. ఆ రోజు మధ్యాహ్నం భోజనంలో అర గిన్నె అన్నం తగ్గించి, భోజనంతో పాటే ఆ ముద్ద తినండి. పేరంటానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ నోట్లో పెట్టేది చేత్తో అందుకుని పక్కన పెట్టించడానికి ఆడపడుచునో వదిననో ముందే కూర్చోబెట్టుకోండి.

కాన్పు తర్వాత మాయ బయటికి వచ్చేస్తుంది కాబట్టి చాలామందికి షుగరు వెంటనే మామూలుకు వస్తుంది. అలా వచ్చిందో లేదో ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల గ్లూకోజు పరీక్షతోనే తెలుస్తుంది. బిడ్డకు ఆరో వారం టీకాలు వేయించడానికి వెళ్లే రోజే మీ పరీక్ష కూడా చేయించుకునేలా ముందుగా అడిగి పెట్టుకోండి. ఖాళీ కడుపుతో రమ్మంటే ఆ ఉదయం టిఫిన్ డబ్బా వెంట తీసుకెళ్లండి.